అతుకు చూపించని ఫోటో దేనికీ పనికిరాదు: స్టవ్, టెంట్ పోల్, మ్యాట్ వాల్వ్ గుర్తుపట్టడం ఎలా?

డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కు వెళ్లాలనుకుంటున్న నలుగురు హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో ఒక పాత ట్రెకింగ్ సంచి బేరం చేస్తున్నారనుకుందాం. అమ్మే మనిషి వాట్సాప్‌లో మూడు ఫోటోలు పంపాడు. ఒకదాంట్లో అరచేతిలో ఇమిడే చిన్న స్టవ్, ఇంకోదాంట్లో మడిచి కట్టిన టెంట్ పోల్స్, మూడోదాంట్లో చుట్ట చుట్టిన గాలి మ్యాట్. లేబుళ్లు ఎప్పుడో చిరిగిపోయాయి. కింద ఒక మాట: "ఏ సిలిండర్‌కైనా పడుతుంది సార్."

ఆ మాట నిజమో కాదో డెహ్రాడూన్‌లో దిగాక తేలితే లాభం లేదు. గ్యాస్ డబ్బాను విమానంలో చేతి సంచిలోనూ తీసుకెళ్లనివ్వరు, చెక్-ఇన్ సామానులోనూ తీసుకెళ్లనివ్వరు. కాబట్టి డబ్బా అక్కడే కొనాలి, స్టవ్ మాత్రం ఇక్కడినుంచే వెళ్తుంది. రెండింటికీ పొత్తు కుదురుతుందో లేదో ముందే చెప్పగలిగేది ఒక్క ఫోటోయే, అదీ సరైన చోట తీసినదైతే.

చాలామంది ఇలాంటి ఫోటోలో మొదట రంగు, ఆకారం, కంపెనీ గుర్తు చూస్తారు. ఈ మూడూ తేలిగ్గా కాపీ అయ్యేవే. ఒకే రకం మడత కాళ్ల స్టవ్‌ను పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతాయి. ఫోటో పెట్టి ఇంటర్నెట్‌లో వెతికినా వచ్చేది ఆకారంలో పోలిక ఉన్న వస్తువే తప్ప అదే వస్తువని నమ్మకం లేదు. కాపీ కొట్టేవాడు కూడా మార్చలేనిది ఒకటుంది: ఒక వస్తువు ఇంకో వస్తువుతో కలిసే చోటు. స్టవ్ డబ్బాతో కలిసే చోటు, పోల్ ముక్క పక్క ముక్కతో కలిసే చోటు, మ్యాట్ దానికి గాలి నింపే పంపు సంచితో కలిసే చోటు. ఇంకొకరు తయారుచేసిన వస్తువుకు అది సరిపోవాలి కాబట్టి అక్కడ కొలతలు కచ్చితంగా ఉండి తీరాలి. అందుకే వస్తువు అసలు గుర్తింపు అతుకులోనే దొరుకుతుంది.

స్టవ్: పైనుంచి కాదు, కిందనుంచి

పైనుంచి తీసిన ఫోటోలో స్టవ్ బర్నర్, గిన్నె నిలబెట్టే కాళ్లు అందంగా కనిపిస్తాయి. వాటితో తెలిసేది తక్కువ. స్టవ్‌ను తలకిందులుగా పెట్టి, డబ్బా తగిలించే నోటిని నేరుగా తీసిన ఫోటో అడగాలి. ఫ్లాష్ వేస్తే లోహం తళతళలాడి లోపలి మరలు కనబడవు. కిటికీ పక్కన, వెలుతురు ఓరగా పడేలా పెట్టి తీస్తే ఒక్కో మర గీత నీడతో సహా తెలుస్తుంది.

ఆ నోట్లో కనిపించేదాన్ని బట్టి స్టవ్ నాలుగైదు కుటుంబాల్లో ఒకదానికి చెందుతుంది.

ట్రెకింగ్‌లో ఎక్కువగా వాడేది మర డబ్బా. పొట్టిగా, గుండ్రంగా, పైభాగం గుమ్మటంలా ఉండే డబ్బా అది. 100 లేదా 110, 230, 450 గ్రాముల సైజుల్లో దొరుకుతుంది. మధ్యలో పైకి పొడుచుకొచ్చిన చిన్న మెడ, దాని బయటి గోడ మీద సన్నని మరలు ఉంటాయి. దీనికి సరిపోయే స్టవ్ నోట్లో లోపలి గోడకు మరలుంటాయి, నోటి వెడల్పు సుమారు 11 మి.మీ. మధ్యలో ఒక చిన్న పుల్ల నిలబడి ఉంటుంది. స్టవ్ బిగిస్తున్నప్పుడు డబ్బా వాల్వ్‌ను లోపలికి నొక్కేది ఆ పుల్లే. దాని చుట్టూ ఒక నల్లని రబ్బరు రింగు ఉండాలి. ఫోటోలో మరలు, పుల్ల, రింగు మూడూ కనబడితే, అది డెహ్రాడూన్, మనాలి ట్రెకింగ్ దుకాణాల్లో దొరికే మర డబ్బాకు పడుతుందని చెప్పవచ్చు.

రింగు ఉండాల్సిన చోట నల్లని వలయం బదులు మెరిసే లోహం కనబడితే రింగు ఊడిపోయినట్టే. ఆ స్టవ్ డబ్బాకు బిగుస్తుంది, మంట కూడా వస్తుంది, కానీ అతుకు దగ్గర గ్యాస్ కారుతూనే ఉంటుంది. రింగు ఉండీ మీద సన్నని పగుళ్లు కనిపిస్తే రబ్బరు ఎండిపోయిందని అర్థం. చలిలో అది ఇంకా గట్టిపడి మరింత కారుతుంది. బిగించాక సబ్బు నురుగు పూసి చూస్తే బుడగలు చెప్పేస్తాయి. అది ఫోటోలో తేలదు కాబట్టి, రింగు కనబడలేదంటే కొత్త రింగు వేయించకుండా వాడకూడదు.

రెండో కుటుంబం పొడవాటి డబ్బాది. దోమల మందు స్ప్రే డబ్బాలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది, 220 గ్రాముల పైచిలుకు గ్యాస్ పడుతుంది. పెళ్లి భోజనాల్లో బల్ల మీద దోసెలు వేసే చిన్న చదరపు స్టవ్‌లలో పడుకోబెట్టేది ఇదే. దీని మూతి దగ్గర మరలుండవు. బయటి అంచులో ఒకచోట చిన్న గాడి కోసి ఉంటుంది. దీనికి సరిపడే స్టవ్ అడుగున మర నోటికి బదులు వెడల్పాటి పళ్లెం లాంటి అంచు, దానికి కొక్కేల్లాంటి పెదవులు కనిపిస్తాయి. గాడి ఎదురుగా పెట్టి తిప్పితే పట్టుకుంటుంది. డబ్బా పడుకోబెట్టే స్టవ్‌లో ఆ గాడి పైకి ఉండాలి. లోపలి సన్నని గొట్టం గాడి వైపుకు వంగి ఉంటుంది, పైకి ఉంటేనే అది ద్రవాన్ని కాకుండా ఆవిరిని తీసుకుంటుంది. గాడి కిందికి ఉన్న ఫోటో ఎవరైనా గొప్పగా పెడితే వెంటనే చెప్పాల్సిన విషయమిది.

పొడవాటి డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. సముద్ర మట్టం దగ్గర బ్యూటేన్ −0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంతకంటే చల్లబడితే ఆవిరి కాకుండా డబ్బాలో నీళ్లలా ఉండిపోతుంది. మర డబ్బాల్లో సాధారణంగా కలిపే ఐసోబ్యూటేన్‌కు ఆ హద్దు −11.7, ప్రొపేన్‌కు −42. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి ఈ హద్దులు కొంత కిందికి జరుగుతాయి గానీ, మండుతున్నకొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది కాబట్టి ఆ లాభం నిలవదు. సున్నా దగ్గరకు దిగే లంబసింగి చలికాలపు తెల్లవారుజామున కూడా మామూలు బ్యూటేన్ డబ్బా మంట నీరసించిపోతుంది. అంటే స్టవ్ నోటి ఫోటో చూస్తే డబ్బా ఏదో మాత్రమే కాదు, ఆ స్టవ్ ఏ చలి దాకా పనికొస్తుందో కూడా సగం తెలిసిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కు. పొడవాటి డబ్బాను మర స్టవ్‌కు కలిపే అడాప్టర్లు ఉంటాయి. మూడు పొట్టి కాళ్లు, ఒక పక్క కొక్కేల అంచు, ఇంకో పక్క బయటి మరలున్న మెడ ఉన్న చిన్న లోహపు ముక్క అది. ఫోటోలో చాలామంది దాన్నే స్టవ్ అనుకుంటారు. మంట వచ్చే రంధ్రాలు లేవంటే అది స్టవ్ కాదు, మధ్యవర్తి.

మిగతా కుటుంబాలు మన దగ్గర అరుదు, కానీ విదేశాలనుంచి చుట్టాలు తెచ్చిన సంచుల్లో తగులుతాయి. ఫ్రాన్స్, పడమటి యూరప్ దేశాల్లో వాడే క్యాంపింగాజ్ క్లిక్ డబ్బాకు బయటి మరలుండవు. స్టవ్ అడుగున వెడల్పాటి ప్లాస్టిక్ గుండ్రం, లోపల పట్టుకునే అమరిక కనిపిస్తుంది. అదే కంపెనీ పాత రకం 206 డబ్బాకు వాల్వే ఉండదు. డబ్బా మొత్తాన్ని స్టవ్ కింది తొడుగులో కూర్చోబెడితే లోపలి సూది దానికి చిల్లు పెడుతుంది, ఖాళీ అయ్యేదాకా తీయకూడదు. డబ్బాను చుట్టుకునే బుట్టలాంటి తొడుగు ఫోటోలో కనబడితే అది ఇదే. అమెరికానుంచి వచ్చే రెండు బర్నర్ల పెట్టె స్టవ్‌ది ఇంకో దారి. దాని పక్కనుంచి వంగిన లోహపు గొట్టం బయటికి వస్తుంది, చివర నోరు సుమారు 25 మి.మీ. అది అక్కడి ఆకుపచ్చ ప్రొపేన్ సిలిండర్ కోసం చేసినది. 11, 25 మధ్య తేడా కంటికే తెలుస్తుంది గానీ ఫోటోలో పక్కన కొలతకు ఏమీ పెట్టకపోతే రెండూ ఒకేలా కనబడతాయి.

గొట్టం ఉన్న స్టవ్ ఫోటో వస్తే రెండు చోట్లు చూడాలి. మొదటిది గొట్టం చివర. అక్కడ లోపలి మరలున్న బిళ్ల, నాబ్ ఉంటే గ్యాస్‌ది. చివర ఏ మరా లేకుండా నున్నని లోహపు గొట్టం ఉంటే అది ద్రవ ఇంధనపు స్టవ్, ఆ చివర సీసా మూతిలోని పంపులోకి దూరుతుంది. మన పాత కిరసనాయిలు పంపు స్టవ్ ఎరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పంపు కొట్టి ఒత్తిడి పెంచడం, ముందు కాస్త ఇంధనం కింద మండించి బర్నర్ వేడెక్కించడం, జెట్‌లో మసి పట్టడం అన్నీ అవే. పంపు ఫోటోలో లేదంటే ఆ స్టవ్ సగమే ఉన్నట్టు. అమ్మేవాడిని పంపు, సీసా ఉన్నాయా అని అడగాలి. అలాంటి స్టవ్, సీసా ఇంధనం వాసన వస్తుంటే విమానాశ్రయంలో ఆపేస్తారు.

రెండో చోటు బర్నర్ పక్క. సన్నని లోహపు గొట్టం ఒకటి బర్నర్ అంచు దాటి పైకి వెళ్లి, మంట తగిలేలా వంగి, మళ్లీ కిందికి వస్తుందా చూడాలి. ఈ ఒక్క వంపు ఉంటే ఆ గ్యాస్ స్టవ్ డబ్బాను తలకిందులుగా పెట్టి వాడే వీలున్నదని అర్థం. తలకిందులైన డబ్బానుంచి ద్రవం వస్తుంది, మంటలోని గొట్టంలో అది ఆవిరవుతుంది, అందుకే చలిలో చివరి గ్రాము దాకా మంట నిలబడుతుంది. వంపు లేని స్టవ్‌కు డబ్బా తిరగేస్తే ద్రవ గ్యాస్ నేరుగా బర్నర్‌కు చేరి మంట అడుగెత్తున లేస్తుంది. టెంట్ ముంగిట్లో వంట చేసేవాళ్లకు అది ప్రాణాల మీదికి వచ్చే పొరపాటు. వంపు కనబడేలా పక్కనుంచి తీసిన ఫోటో లేకుండా "చలికి పనికొస్తుంది" అనే మాట నమ్మకూడదు.

మన ఉదాహరణలో స్టవ్ కింది ఫోటో అడిగాక వచ్చినదాంట్లో మరలున్నాయి, పుల్ల ఉంది, రింగు చోట మెరుపు ఉంది. అమ్మే మనిషి మాటలో సగం తేలింది. మర డబ్బాకు పడుతుంది, పొడవాటిదానికి అడాప్టర్ లేకుండా పడదు, రింగు మాత్రం కొత్తది వేయాల్సిందే.

పోల్స్: పది రూపాయల బిళ్ల, ఒక స్కేలు

టెంట్ పోల్ విషయంలో ముందు పదార్థం, తరవాత వ్యాసం, ఆ పైన మొత్తం పొడవు తేలాలి. పదార్థాన్ని అతుకే చెబుతుంది.

ఫైబర్‌గ్లాస్ పోల్‌లో రెండు ముక్కలు కలిసే ప్రతి చోటా బయట ఒక ఉక్కు గొట్టం తొడిగి ఉంటుంది. నల్లని లేదా బూడిదరంగు పుల్ల మీద మధ్యమధ్య వెండి కడియాల్లా, చెరుకు గడ మీది కణుపుల్లా ఉబ్బెత్తుగా కనబడతాయి. అల్యూమినియం పోల్‌లో సాధారణంగా అతుకు లోపల ఉంటుంది. ఒక ముక్క చివరనుంచి కాస్త సన్నని గొట్టం నాలుగైదు సెంటీమీటర్లు బయటికి వచ్చి పక్క ముక్కలోకి దూరుతుంది, కలిపాక బయట నున్నగా ఒకే గీతలా ఉంటుంది. కొరియా కంపెనీ డీఏసీ చేసే ఎన్‌ఎస్‌ఎల్ రకంలో మాత్రం ముక్కల చివరలను కొద్దిగా వెడల్పు చేస్తారు కాబట్టి అతుకు దగ్గర చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్ని చూసి ఫైబర్‌గ్లాస్ అని పొరపడకూడదు. ఆ ఉబ్బు పోల్ రంగులోనే నునుపుగా ఉంటుంది, వేరే తొడుగులా ఉండదు. పైగా డీఏసీ పోల్స్ మీద పేరు, రకం చిన్న అక్షరాల్లో అచ్చై ఉంటాయి, పోల్ తిప్పి తీస్తే ఫోటోలోనే చదవచ్చు.

వ్యాసం ఎందుకు అవసరం? విరిగిన ముక్క బదులు కొత్తది వేయాలన్నా, విరుపు మీద తొడిగే మరమ్మతు గొట్టం కొనాలన్నా అదే కావాలి. ఒక ముక్కకు 8.5 మి.మీ. ఉండాల్సిన చోట 9.5 వేస్తే, గోడ మందం అదే నిష్పత్తిలో ఉందనుకుంటే, ఆ ముక్క గట్టిదనం సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. అప్పుడు కమాను అన్ని చోట్లా సమంగా వంగదు. గట్టి ముక్క తిన్నగా నిలిచి, దాని పక్కనున్న అతుకు మీద భారమంతా పడి అక్కడే విరుగుతుంది.

ఫోటోలో వ్యాసం కొలవడానికి పది రూపాయల బిళ్ల చాలు. రెండు లోహాల బిళ్ల అడ్డం 27 మి.మీ. బిళ్లను పోల్ పక్కన, దానికి ఆనించి పెట్టాలి. ఫోన్‌ను సుమారు మీటరు దూరంలో పట్టుకుని, రెండు రెట్లు జూమ్ చేసి, పోల్ ఫ్రేము మధ్యలో ఉండేలా తీయాలి. దగ్గరనుంచి తీస్తే నష్టమేమిటంటే, బిళ్ల నేల మీద ఉంటుంది, పోల్ నడుము నేలకు నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరంనుంచి ఆ తేడాకే పోల్ ఉన్నదానికంటే లావుగా కనబడుతుంది. ఫ్రేము అంచుల్లో లెన్స్ కూడా సాగదీస్తుంది.

ఫోటో వచ్చాక కంప్యూటర్ తెర మీద, బిళ్ల అడ్డం సరిగ్గా 81 మి.మీ. అయ్యేదాకా పెద్దది చేసి, తెర మీదే స్కేలు పెట్టాలి. 81 అంటే 27కు మూడు రెట్లు. ఇప్పుడు పోల్ వెడల్పు కొలిచి మూడుతో భాగిస్తే చాలు. మన ఉదాహరణలో పోల్ 28.5 వచ్చిందంటే అసలు వ్యాసం 9.5 మి.మీ. ఫోటో ఓరగా తీశారనుకోండి, బిళ్ల కోడిగుడ్డులా కనిపిస్తుంది. అప్పుడు దాని పొడుగు అడ్డాన్నే 27గా తీసుకోవాలి; వాలినా ఆ వైపు కొలత దాదాపు తగ్గదు. పోల్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎటునుంచి చూసినా దాని వెడల్పు మారదు.

ఈ పద్ధతికి హద్దు ఉంది. 8.5కూ 9.5కూ తేడా తెలుస్తుంది. 8.5కూ 8.8కూ తెలియదు. కచ్చితంగా కావాలంటే అమ్మే మనిషినే ఒక కాగితపు పట్టీని పోల్ చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, కలిసిన చోట గీత గీసి, విప్పి స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయమనాలి. 8.5 పోల్‌కు ఆ పొడవు 26.7 మి.మీ., 9.5కు 29.8 వస్తుంది. వ్యాసంలో ఒక మిల్లీమీటరు తేడా పట్టీ మీద మూడు మిల్లీమీటర్లకు పైగా కనబడుతుంది కాబట్టి కంటికి పొరపాటు పోదు.

మొత్తం పొడవు తెలుసుకోవడానికి మడిచిన కట్ట పక్కన ఒక ఏ4 కాగితం పెట్టిన ఫోటో సరిపోతుంది, దాని పొడుగు 29.7 సెం.మీ. ముక్కలు లెక్కపెట్టి ఒక ముక్క పొడవుతో గుణించాలి. ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. మడిచినప్పుడు బయటికి పొడుచుకొచ్చే లోపలి గొట్టాన్ని కూడా ముక్క పొడవులో కలిపేస్తారు. కలిపినప్పుడు ఆ భాగం పక్క ముక్కలో మునిగిపోతుంది, లెక్కలోకి రాదు. కట్ట 55 సెం.మీ. కనిపించి, అందులో 4 సెం.మీ. లోపలి గొట్టం అయితే, ఏడు ముక్కల పోల్ 7 × 51, అంటే 357 సెం.మీ. గొట్టం కలిపేస్తే 385 వస్తుంది. ఆ 28 సెం.మీ. తేడాతో టెంట్ గుడ్డ చిరుగుతుంది, లేదా పోల్ అసలు చిల్లులోకే రాదు.

357 సరైనదేనా అని సరిచూడవచ్చు కూడా. ఇద్దరు పడుకునే గుమ్మటపు టెంట్ నేల 205 × 150 సెం.మీ., ఎత్తు 115 అనుకుంటే, మూలనుంచి ఎదురు మూలకు 254 సెం.మీ. అంత వెడల్పు, 115 ఎత్తు ఉన్న కమానును పరావలయం అనుకుని పొడవు లెక్కగడితే దాదాపు 358 వస్తుంది. కాబట్టి ఒకే పొడవున్న రెండు 357 పోల్స్ ఉన్నాయంటే ఇద్దరి గుమ్మటపు టెంట్‌వే అని నమ్మవచ్చు. ఇంకొకటి పొట్టిగా ఉంటే అది ముంగిలి కోసమో, పైకప్పు అడ్డంగా నిలబెట్టడానికో అయి ఉంటుంది, పారేయకూడదు. అలాగే సంచి అడుగున అరచేయంత పొడవున్న ఒక లావుపాటి గొట్టం ముక్క ఒంటరిగా కనబడితే అది విరిగిన ముక్క కాదు. పోల్ విరిగినప్పుడు విరుపు మీదికి జరిపి రెండు వైపులా టేపు చుట్టడానికి ఇచ్చిన మరమ్మతు తొడుగు. అమ్మేవాళ్లు చెత్త అనుకుని తీసేసేది చాలాసార్లు దాన్నే.

పాడైన పోల్‌ను కూడా అతుకే పట్టిస్తుంది. అల్యూమినియం ముక్క నోటి అంచునుంచి పొడుగునా సన్నని నల్లగీత ఉంటే పగులు. రెండు ముక్కలూ పూర్తిగా దూరకముందే వంచితే భారమంతా ఆ అంచు మీద పడి వచ్చేదే ఇది. నోరు గంటలా విచ్చుకుని ఉంటే పగులు ఇంకా రాకపోయినా వచ్చే దారిలో ఉంది. ఫైబర్‌గ్లాస్‌లో ఉక్కు కడియం పక్కన తెల్లని పొడుగు చారలు ఉన్నాయేమో చూడాలి. అవి లోపలి పోగులు విడిపోయిన గుర్తు. ఆ చోట వేలు రాస్తే గాజు ముళ్లు దిగుతాయి. అల్యూమినియం పోల్ మొత్తం కాస్త వంపు తిరిగి ఉంటే కంగారు వద్దు, వాడిన పోల్స్ అలాగే ఉంటాయి.

మ్యాట్ వాల్వ్: మూత తీసి చూపించమనాలి

చుట్ట చుట్టిన మ్యాట్ ఫోటోలో వాల్వ్ ఒక బొడిపెలా కనబడుతుంది, అంతే. మూత మూసి తీసిన ఫోటో, మూత తీసి తీసిన ఫోటో రెండూ కావాలి.

మూల దగ్గర పొడుచుకొచ్చిన గొట్టం, దాని చివర తిప్పే తల ఉంటే అది పాత, మొండి రకం. లోపల ఏ రెక్కా ఉండదు. తెరిచినంతసేపూ గాలి రెండు వైపులా వెళ్తుంది. ఫోమ్ ఉండి తనంతట తాను ఉబ్బే మ్యాట్‌లలో ఎక్కువగా ఇదే. ఇందులో పాడయ్యేది తల కింది రబ్బరు రింగే. ఊడినా, దుమ్ము పట్టినా తెల్లారేసరికి నడుము నేలకు తగులుతుంది.

మ్యాట్ గుడ్డకు సమంగా, చదునుగా అతికిన గుండ్రని వాల్వ్ ఉండి, మూత తీస్తే లోపల పలుచని రబ్బరు రెక్క కనబడితే అది ఒకవైపు వాల్వ్. ఊదుతుంటే రెక్క తెరుచుకుంటుంది, ఆపగానే మూసుకుంటుంది. కొన్నింటిలో రెండు వాల్వులు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి గాలి లోపలికి, ఒకటి బయటికి. కొన్నింటిలో ఒకటే వాల్వ్‌కు రెండు అంతస్తుల మూత ఉంటుంది. పై మూత తీస్తే రెక్క ఉన్న ఊదే నోరు, కింది అంతస్తు మొత్తం ఎత్తితే ఒక్కసారిగా గాలి పోయే పెద్ద నోరు. అమ్మేవాడు పై మూత మాత్రమే తీసి ఫోటో పంపితే రెండో అంతస్తు ఉన్నట్టే తెలియదు. థర్మ్-ఎ-రెస్ట్ కొత్త మ్యాట్‌ల వాల్వ్‌కు రెండు పక్కలా చిన్న రెక్కలుంటాయి, వాటితోనే తేలిగ్గా గుర్తుపట్టవచ్చు.

ఇది తెలియాల్సింది ముఖ్యంగా పంపు సంచి కోసం. ఒక కంపెనీ సంచి మూతి ఇంకో కంపెనీ వాల్వ్‌కు పట్టదు. నోటితో ఊదితే పని జరుగుతుంది కదా అనుకోవచ్చు, కానీ ఊపిరిలోని తేమ లోపల నిలిచి బూజు పడుతుంది. పలుచని గుడ్డ మ్యాట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి తీసిన ఫోటోలో వాల్వ్ చుట్టూ నల్లని చుక్కలు కనబడేది దానివల్లే. సంచి కొనాలంటే వాల్వ్ నోటి బయటి అడ్డాన్ని పది రూపాయల బిళ్లతో, పోల్‌కు చేసినట్టే కొలవాలి.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే మ్యాట్‌ల కాళ్ల వైపు ఒక మూల చదరంగా, ఉబ్బెత్తుగా కనిపిస్తే అది దిండు కాదు, కాలితో తొక్కే పంపు. దాని మీద ఒక రంధ్రం ఉంటుంది, తొక్కేటప్పుడు పాదంతో మూయాలి. దానికీ లోపల ఒక రెక్క ఉంటుంది, అదే మొదట పాడయ్యేది. ఫోటోలో ఆ రెక్క కనబడదు కాబట్టి, గాలి నింపి మూత తీసి పంపు భాగం గట్టిగా ఉందో మెత్తబడిందో ఒక చిన్న వీడియో అడగడమే దారి.

మన సంచిలోని మ్యాట్ చదును వాల్వ్‌ది. మూత తీసిన ఫోటోను పెద్దది చేస్తే రెక్క అంచు కింద రెండు ఇసుక రేణువులు కనబడ్డాయి. "రాత్రికి గాలి పోతోంది, చిల్లు పడింది" అని అమ్మే మనిషి ధర తగ్గించి చెప్పిన మ్యాట్ అదే. కారడం చిల్లువల్లనో వాల్వ్‌వల్లనో తేల్చడానికి గాలి నింపి, మూత తీసి, వాల్వ్‌ను నీళ్ల బకెట్‌లో ముంచాలి. బుడగలు రెక్క మధ్యనుంచి వస్తే దుమ్ము. గోరువెచ్చని నీళ్లు పోసి, దూదిపుల్లతో రెక్క కింద తుడిచి, ఆరనిస్తే సరిపోతుంది. బుడగలు వాల్వ్ బయటి అంచు చుట్టూ, ప్లాస్టిక్ గుడ్డతో అతికిన చోటనుంచి వస్తే ఆ అతుకు విడిపోయినట్టు; ఇంట్లో వేసే పట్టీ అక్కడ ఎక్కువ రోజులు నిలవదు. ఎక్కడా బుడగలు లేకపోతే అప్పుడే గుడ్డ మీద సబ్బునీళ్లతో చిల్లు వెతకాలి.